ఆగ్నేయ మూల ప్రింటర్

గురువారం పొద్దున మా అన్న రామచంద్రయ్య షాపు గుమ్మంలోనే ఆగిపోయి, చెప్పులు విడవకుండానే ప్రింటర్ వైపు వేలు చూపించాడు.

"ఈశాన్యంల నిప్పు పెట్టుకొని కూసున్నవ్ రుక్మిణీ. ఇగ మనుషులెట్ల నిలుస్తరు?"

"నిప్పేడున్నదన్నా? ప్రింటరది."

"కాయితం బయటికొచ్చినంక పట్టుకొని చూడు. కాల్తలేదా?"

కాలుతుంది. పొయ్యి మీంచి తీసిన రొట్టెలా వెచ్చగా వస్తుంది. ఆ వేడి నాకిష్టం కూడా. కానీ అన్న చెప్పిన మాటలో నాకు వినబడింది వేడి సంగతి కాదు, మనుషులు నిలవకపోవడం. ఎందుకంటే ఆ రోజు అఖిల షాపుకు రాలేదు. ఏర్‌పోర్టు కార్గో ఆఫీసులో దొరికిన ఉద్యోగానికి దవాఖానలో పరీక్షలు చేయించుకోవడానికి వెళ్లింది. సోమవారం నుంచి అక్కడ ట్రైనింగు. శనివారమే నా దగ్గర ఆఖరి రోజు.

మాది శంషాబాద్ బస్టాండు వెనక సందులో చిన్న జిరాక్స్ షాపు. మా ఆయన కుర్మయ్య పెట్టాడు. ఆయన పోయాక షట్టరు దించేద్దామనుకున్న రోజుల్లో మంఖాల్ నుంచి ఇంటర్ చదివిన ఒక పిల్ల వచ్చి, కంప్యూటర్ పని వచ్చు, జీతం ఎంతైనా పర్వాలేదు అంది. అదే అఖిల. ఐదేళ్లయింది. నన్ను పెద్దమ్మా అంటుంది. మా పూర్ణిమ బుద్వేల్‌లో అత్తగారింట్లో ఉంటూ రోజూ ఫోన్ చేస్తుంది గానీ, నేను పొద్దున ఏం తిన్నానో పూర్ణిమ కంటే ముందు తెలిసేది అఖిలకే.

"యాడ పెట్టమంటవ్ మరి?" అని అడిగాను అన్నను.

"ఆగ్నేయం. గా మూలకు. అగ్ని అగ్ని కాడ ఉంటే మనుషులు మనుషుల కాడ ఉంటరు."

నాకు వాస్తు మీద పెద్ద నమ్మకం లేదు. అపనమ్మకమూ లేదు. భయపడే మనిషికి ఎవరేం చెప్పినా కొంచెం నిజమే అనిపిస్తుంది. మధ్యాహ్నానికల్లా ఇంటర్నెట్ వైర్లు వేసే చందును పిలిపించాను. చందు, అన్న కలిసి ప్రింటర్‌ను మోసుకెళ్లి ఆగ్నేయ మూలన బల్ల మీద పెట్టారు. నేను దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను.

కంప్యూటర్ మాత్రం పాత చోటే ఉంది. రెండింటినీ కలిపే యూఎస్‌బీ వైరు మూర పొడుగు కూడా లేదు. చందు ఇంకో పొడుగు వైరు తెచ్చి, దానికి మరొకటి అతికించి, గోడ పొడుగునా క్లిప్పులు కొట్టుకుంటూ తీసుకెళ్లి రెండు చివర్లూ గుచ్చాడు. ప్రింటర్ పలకలేదు.

"పొడుగెక్కువైందక్కా. గింత దూరం సిగ్నల్ పోదు దీంట్ల" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఏం పరేషాన్ గాకు. వైఫై ఉన్నది గదా దీనికి."

ఇంటర్నెట్ డబ్బా మీద ఒక బటన్, ప్రింటర్ మీద ఒక బటన్ నొక్కాడు. కంప్యూటర్‌లో ఏదో వెతికాడు. పాత ప్రింటర్ పేరు తీసేశాడు, కొత్తగా కనబడ్డ దాన్ని పెట్టాడు. టెస్ట్ పేజీ వచ్చింది, వెచ్చగా.

"మరి గా వైరు తీసెయ్" అన్నాను.

"ఉండనీ అక్కా. ఇరవై క్లిప్పులు కొట్టిన. అందంగున్నది గోడకు."

నిజంగానే అందంగా ఉంది. అలాగే ఉండిపోయింది. సాయంత్రం బస్సుకు చందు భార్యాపిల్లలతో శ్రీశైలం వెళ్లిపోయాడు, ఆదివారం దాకా రానని చెప్పి.

*

శుక్రవారం అఖిల వస్తూనే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇదేంది పెద్దమ్మా? ప్రింటర్‌కు ఇల్లు మార్చినవ్?"

"రామచంద్రయ్య మామ చెప్పిండు."

"మామ చెప్తే రేపు నన్ను గూడ బోర్లేసి కూసోపెడతవ్." గోడ మీద వైరును చివరి దాకా చూసి, "చందన్న పని గదా. బొట్టు మాత్రం నీది" అని నవ్వింది.

పదింటికి క్యాబ్ నడిపే మల్లేశ్వర్ వచ్చాడు. బండి కాగితాలు నాలుగు స్కాన్ చేసి మెయిల్ పంపాలన్నాడు. అఖిల కాగితాన్ని అద్దం మీద పెట్టి, మూత వేసి, కంప్యూటర్ దగ్గరకు వచ్చి స్కాన్ సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఎక్కడి నుంచి స్కాన్ చేయాలి అని అడిగే చిన్న డబ్బా వచ్చింది. ఆ డబ్బాలో ఎప్పుడూ రెండు పేర్లు ఉంటాయి. రెండూ మా ప్రింటర్ పేర్లే, ఒకదానికి ముందు మాత్రం WIA అని ఉంటుంది. నేను బడికి పోలేదు. షాపులో చెడిపోయిన కాగితాలు చించి పారేసే ముందు చదువుకుంటూ తెలుగూ, కొంచెం ఇంగ్లీషు అక్షరాలూ నేర్చుకున్నాను. కాబట్టి ఆ డబ్బాలో ఒక పేరు తగ్గిందని నాకే ముందు కనబడింది.

"డబ్ల్యూతోని ఉండేది లేదు బిడ్డా."

"ఔ గదా. ట్వైన్‌ది ఒక్కటే ఉన్నది." ఉన్నదాన్ని నొక్కింది. స్కానర్ కనెక్ట్ కాలేదు, వైరు చూసుకోండి అని వచ్చింది.

"ఫోన్ల ఫొటో తియ్ చెల్లె, అయిపాయె" అన్నాడు మల్లేశ్వర్. "ఎయిర్‌పోర్టుల ట్రిప్పున్నది నాకు."

అఖిల అద్దం మీదున్న దాన్ని మూత ఎత్తి అక్కడే, మిగతా మూడింటినీ బల్ల మీద పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసి, అంచులు కత్తిరించి, ఫైలు చేసి పంపేసింది. అతను వెళ్లాక నాకేసి చూసింది.

"నువ్వు తీస్తవా గిట్ల ఫోన్ల?"

నా చేతులు చూపించాను. మూడేళ్లుగా వణుకుతాయి. గ్లాసు నీళ్లు తెచ్చినా సగం దారిలోనే పోతాయి. నేను తీసిన ఫొటోలో అక్షరాలన్నీ చలికి ముడుచుకున్నట్టు ఉంటాయి. అద్దం మీద కాగితం పెట్టి మూత వేయడం మాత్రం నాకు వచ్చు. అద్దం మీద పెట్టాక నా చెయ్యి వణికినా కాగితం వణకదు. షాపు నేను ఒక్కదాన్నే నడపగలనని అఖిల నమ్మిందీ, నన్ను నమ్మించిందీ ఆ ధైర్యంతోనే.

"స్కానర్ లేకుంటే నీకు నడవదు పెద్దమ్మా. నేను పోయే లోపట దీన్ని పట్టుకుంట" అంది.

ఆ రోజంతా పట్టుకోవడానికే సరిపోయింది. ముందు ప్రింటర్ దగ్గరకు వెళ్లి జిరాక్స్ బటన్ నొక్కింది. చక్కగా వచ్చింది. "అద్దం, లైటు మంచిగనే ఉన్నయి. మిషన్‌ది తప్పు లేదు. కంప్యూటర్‌కే కనబడ్తలేదు" అంది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేసింది. విండోస్‌తో వచ్చిన స్కాన్ యాప్ తెరిస్తే అది కూడా స్కానర్ ఏదీ లేదు పొమ్మంది.

"ఒక పేరెందుకు పోయింది, ఒకటెందుకుంది?" అని అడిగాను. నాకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు.

"రెండు పద్ధతులు పెద్దమ్మా. డబ్ల్యూఐఏ అంటే విండోస్‌ది. స్కానర్ నిజంగ దొరికితేనే పేరు చూపిస్తది, లేకుంటే లేదు. ట్వైన్ వేరే పద్ధతి, మిషన్‌ను నడిపే దాని సాఫ్ట్‌వేర్, డ్రైవరంటరు, కంపెనీ ఇచ్చింది. ఒకసారి కంప్యూటర్ల పెట్టినంక పేరు ఉండనే ఉంటది. దుకాణం బోర్డు లెక్క. బోర్డుంటది, పిలిస్తే లోపట మనిషి ఉండడు."

విండోస్ లోపల స్కానర్ల కోసం ఒక సర్వీసు నడుస్తుందట. అది ఆగిపోయిందేమోనని చూసింది. నడుస్తూనే ఉంది. ఆపి మళ్లీ నడిపించింది. కంప్యూటర్‌కు ఏమేం తగిలించి ఉన్నాయో చూపించే పట్టీ తెరిచింది. స్కానర్లు ఉండాల్సిన వరసే అందులో లేదు. యూఎస్‌బీ వైరు కంప్యూటర్ వైపు పీకి ఇంకో రంధ్రంలో గుచ్చింది. వైరు తగిలితే కంప్యూటర్ చేసే సప్పుడు రాలేదు. చందుకు ఫోన్ చేస్తే అడవిలో ఉన్నాడేమో, స్విచ్చాఫ్.

సాయంత్రానికి పాత డ్రైవర్ తీసేసి, కంపెనీ వాళ్ల సైటు నుంచి మళ్లీ దింపింది. అది మధ్యలో ఆగి అడిగింది: ప్రింటర్ యూఎస్‌బీ వైరుతో ఉందా, నెట్‌వర్క్‌లో ఉందా అని. అఖిల యూఎస్‌బీ అని నొక్కింది. ఇప్పుడు వైరు తగిలించండి అని వచ్చింది. వైరు తగిలించే ఉంది. పీకి గుచ్చింది. అది ఎదురు చూస్తూనే ఉంది.

"వైరు పాడైందనుకుందామంటే," అంటూ అఖిల ఒక కాగితం ప్రింటు కొట్టింది. ఆగ్నేయ మూలన ప్రింటర్ గుర్రుమని దాన్ని బయటకు నెట్టింది. "ప్రింటు పోతుంది గదా గదే వైర్ల! ప్రింటు పొయ్యే వైర్ల స్కానెందుకు రాదు?"

నేను కుర్చీలోంచి గోడ మీది వైరు వైపు చూశాను.

ప్రింటు ఆ వైరులోంచి పోవడం లేదు. ఆ సంగతి చందుకు తెలుసు, నాకు తెలుసు. చందు బటన్లు నొక్కడం నేను చూశాను. 'గింత దూరం సిగ్నల్ పోదు దీంట్ల' అనడం విన్నాను. అది ఇంత ముఖ్యమైన సంగతని మాత్రం ఆ క్షణం దాకా తెలియదు. తెలిసింది కాబట్టి చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

అప్పుడే అఖిల కళ్లు నులుముకుంటూ అంది: "ఇది దొరక్కుంటే నేను సోమవారం పోను పెద్దమ్మా. నిన్ను గిట్ల విడిచిపెట్టి ఎట్ల పోత? వచ్చే బ్యాచ్‌కు వస్తనని చెప్త."

"వచ్చే బ్యాచెప్పుడు?"

"రెండు నెలలంటరు. తీసుకుంటరో లేదో. చూద్దాం."

నేను నోరు మూసుకున్నాను.

అన్న చెప్పింది నిజమేనేమో అనిపించింది. అగ్ని అగ్ని దగ్గరకు వెళ్లింది. మనిషి నా దగ్గర ఉండిపోతోంది. నేనేం అబద్ధం ఆడలేదు. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. ఇలాంటివన్నీ నాకు నేనే చెప్పుకున్నాను.

"టీ తెప్పియ్యనా బిడ్డా?" అన్నాను.

"తెప్పియ్. అల్లం ఎక్కువెయ్యమను."

*

శనివారం అఖిల తొమ్మిదింటికే వచ్చింది. కొత్త డ్రెస్ వేసుకుంది. ఆఖరి రోజని వేసుకుందో, ఆఖరి రోజు కాదని వేసుకుందో తెలియలేదు. టిఫిన్ డబ్బా తెరిచి సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది.

"అమ్మ పంపింది. మెత్తగ చేసింది నీ పండ్లకని."

నేను ఆ ముక్కను కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. రాత్రంతా నేను పెద్దగా నిద్రపోలేదన్న సంగతి దానికి తెలియదు.

మా ఆయన పోయిన రోజు కూడా షాపు తెరిచే ఉంది. ఛాతీలో మంటగా ఉంది, గోలీలు రాయించుకుని గంటలో వస్తా, షట్టరు దించకు అని స్కూటర్ మీద దవాఖానకు వెళ్లాడు. నేను దించలేదు. సాయంత్రం చుట్టాలెవరో వచ్చి దించారు. అప్పటి నుంచి ఎవరు గడప దాటినా నాకు గోలీల మాట గుర్తొస్తుంది. బస్సెక్కే వాళ్లను, కారెక్కే వాళ్లను, పక్కింటి పిల్లలు బడికి పోవడాన్ని కూడా మలుపు తిరిగే దాకా చూస్తాను. చూస్తూ ఉంటే పోరేమోనని కాదు. చూడకపోతే నా తప్పవుతుందేమోనని.

అయితే ఇది అలాంటి పోవడం కాదు. మంఖాల్ నుంచి ఏర్‌పోర్టుకు ఎంత దూరం? నా షాపు మీదుగానే వెళ్లాలి. పిల్ల ఎక్కడికో మాయమైపోవడం లేదు. ఇంత సంగతి నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

పన్నెండింటి దాకా అఖిల ఇంకో రెండు స్కాన్ సాఫ్ట్‌వేర్‌లు దింపి చూసింది. పాతకాలపువి కొన్ని ముప్ఫై రెండు బిట్లవట, కొత్తవి అరవై నాలుగట. కొన్ని ట్వైన్ డ్రైవర్లు ఒక దాంట్లో కనబడి ఇంకో దాంట్లో కనబడవట. అదేమోనని రెండు రకాలూ చూసింది. అదీ కాదు. నుదుటి మీద చెమట, మొహం మీద వెంట్రుకలు. నేను టవల్ ఇస్తే తుడుచుకుని, "ఓడిపోయిన పెద్దమ్మా" అంది.

"పోనీలే బిడ్డా."

"పోనీలే ఏంది? ఐదేండ్ల సంది దీంతోనే బతుకుతున్న. ఒక్క వైరు నన్ను ఎక్కిరిస్తున్నది." ఫోన్ తీసి పేరు వెతికింది. "శ్రావణ్‌కుమార్ సార్‌కు చెప్త. రాలేనని."

శ్రావణ్‌కుమార్ అంటే కార్గో ఆఫీసులో ట్రైనింగు ఇచ్చే ఆయన. ఈ పిల్ల ఆయన పేరు పలికినప్పుడల్లా గొంతు సవరించుకుంటుంది. ఇంటర్వ్యూ రోజు ఆయన అడిగిన ప్రశ్నలన్నీ, ఇది చెప్పిన జవాబులన్నీ నాకు నాలుగుసార్లు ఆడి చూపించింది. నాలుగోసారి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి సార్ వేషం వేయించింది.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగడం నాకు వినబడుతోంది. గొంతు సవరించుకుంది.

"పెట్టెయ్" అన్నాను.

"ఆఁ?"

"ఫోన్ పెట్టెయ్ బిడ్డా. గా వైర్లకెళ్లి ప్రింటు పోతలేదు."

అఖిల ఫోన్ దించింది. అందులోంచి 'హలో, హలో' అని సన్నగా వినబడింది. "సారీ సార్, మళ్ల చేస్త" అని పెట్టేసింది.

"ఏమన్నవ్?"

"వైరు పొడుగెక్కువై పని చెయ్యలే. చందు డబ్బా మీద ఒకటి, మిషన్ మీద ఒకటి బటన్లు ఒత్తిండు. వైఫై అన్నడు. వైరు ఊకెనే ఉన్నది. క్లిప్పులు కొట్టినందుకు ఉంచిండు."

అఖిల లేచి వెళ్లి ఆ వైరును ప్రింటర్ వెనక నుంచి పీకేసింది. చేతిలో పట్టుకునే వచ్చి ప్రింటు కొట్టింది. కాగితం వచ్చింది. వైరు కొస దాని చేతిలో వేలాడుతూనే ఉంది.

"అయ్యో! అయ్యో నా తెలివి!" అని తల కొట్టుకుంది. "ప్రింటు ఏ దారిల పోతున్నదో, పోర్ట్ ఒక్కటి చూసిననా? పేరు అదే ఉన్నదని మోసపోయిన. పెద్దమ్మా, ప్రింటు గాలిల పోతున్నది. వైఫైల దొరకంగనే విండోస్ తనకాడున్న ప్రింటు డ్రైవర్ ఒక్కటి పెట్టుకొని ఊకున్నది. స్కాన్‌ది వేరే. అది ఇప్పటి దాంక గీ చచ్చిన వైరు దిక్కే చూసుకుంట కూసున్నది. డ్రైవర్ మళ్ల వేస్తుంటె నేను గూడ యూఎస్‌బీ అనే నొక్కితి!"

నవ్వుతోంది. నేను నవ్వలేదు. అది చూసి దాని నవ్వు మెల్లగా ఆగింది.

"నీకెప్పుడు సమజైంది?"

చెప్పకుండా ఉండవచ్చు. ఇప్పుడే గుర్తొచ్చింది అంటే నమ్మేస్తుంది, ముసలిదాన్ని కదా.

"నిన్న. ప్రింటు పొయ్యే వైర్ల స్కానెందుకు రాదంటివి జూడు, అప్పుడు."

బయట ఎవరో హారన్ కొట్టారు. అఖిల వైరును బల్ల మీద పెట్టి, నా ఎదురుగా ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది.

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు పోనంటివి గదా."

"అయితే? పోవద్దని నోటితోని చెప్పరాదా? రెండు రోజులు నాతోని కుస్తీ పట్టిస్తవా?"

"చెప్తే ఉంటవు బిడ్డా. గందుకే చెప్పలే" అన్నాను. "నేను ఉండమన్ననని ఉంటే, రేపు నువ్వు గీ కుర్చీల కూసొని నా మొఖం జూస్తవ్. మిషన్ ఆపిందనుకుంటే గా బాధ నాకుండదనుకున్న. కని నువ్వు ఫోన్ల గొంతు సవరించుకుంటివి. ఇగ నాతోని కాలే."

అఖిల నా రెండు చేతులూ పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అంది:

"కోపం వస్తున్నది నాకు."

"రానీ."

"జర ఎక్కువనే వస్తున్నది."

"తిట్టు మరి."

"తిట్టను. నీతోనే పని చేపిస్త. గదే శిక్ష. లే."

*

నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తను వెనక నిలబడింది. మౌస్ నా చేతిలో పెట్టింది.

"ముందు మిషన్ కాడికి పోయి, దాని వైఫై కాయితం ప్రింటు తియ్. బటన్ జర సేపు ఒత్తి పట్టు."

తీశాను. కాగితం మీద బోలెడు ఇంగ్లీషు. అందులో చుక్కలు పెట్టిన అంకెలు వెతకమంది. దొరికాయి. నూట తొంభై రెండు చుక్క నూట అరవై ఎనిమిది చుక్క ఒకటి చుక్క ఏడు.

"గది మన ప్రింటర్ ఇంటి నంబర్. ఇప్పుడు డ్రైవర్ మళ్ల మొదలువెట్టు. అడుగుతది. ఏమంటవ్?"

యూఎస్‌బీ, నెట్‌వర్క్ అని రెండు గుండ్రాలు వచ్చాయి. నెట్‌వర్క్ అని ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివి నొక్కాను. అది కాసేపు వెతికి మా ప్రింటర్ పేరు చూపించింది. పక్కనే ఆ అంకెలు. కాగితం మీద ఉన్నవీ తెర మీద ఉన్నవీ ఒక్కొక్కటే వేలుతో కలిపి చూశాను. ఒకటేనని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాను.

"బ్యాంకోల్ల కంటె ఎక్కువ జూస్తున్నవ్" అంది వెనక నుంచి. గొంతులో కోపం సగానికి వచ్చింది.

అయిపోయాక స్కానర్ కోసం కంపెనీ వాళ్ల ఇంకో చిన్న కిటికీ తెరిపించింది. స్కాన్ ఏ మిషన్ నుంచి తీసుకోవాలో అందులో కూడా చెప్పాలట. అక్కడా అదే నంబరు ఎంచుకున్నాను. ఆ తర్వాత ఇంటర్నెట్ డబ్బా పేజీలోకి వెళ్లి, ఆ నంబరు ప్రింటర్‌కే ఉండేలా తనే ఏదో కట్టేసింది. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నంబరు మారొచ్చు, మారితే స్కానర్ మళ్లీ దొరకదు అని చెప్పింది.

"ఇగ నీ సాఫ్ట్‌వేర్ తెరువు."

తెరిచాను. చిన్న డబ్బా వచ్చింది. అందులో రెండు పేర్లున్నాయి. ఒకదాని ముందు డబ్ల్యూ, ఐ, ఏ. నేను అవి పైకే చదివాను.

"ఏది నొక్కాలె?"

"నీ ఇష్టం. రెండు పలుకుతయి."

డబ్ల్యూ ఉన్నదాన్ని నొక్కాను. ఆగ్నేయ మూలలో మూత అంచు కింద తెల్లటి వెలుగు ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకింది. అద్దం మీద మల్లేశ్వర్ మరిచిపోయిన బండి కాగితం తెర మీదకు గీత గీతగా దిగింది, నిలువుగా, తేటగా, వణకకుండా.

అఖిల ఫోన్ మోగింది. గొంతు సవరించుకుని, "సార్, సోమవారం ఎన్ని గంటలకు రావాలె అడుగుదామని చేసిన" అంది. అటు చెప్పింది విని, "ఎనిమిదింటికి, సరే సార్" అని పెట్టేసింది. నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం ఆ బండి కాగితాన్నే చూశాం.

మూడింటికి అన్న వచ్చాడు. ప్రింటర్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇప్పుడు షాపు నిండుగున్నది" అన్నాడు.

"నిండుగుంటది మామా" అంది అఖిల. "నీ ఆగ్నేయం రెండు రోజులు నా నెత్తి తిన్నది. ఇంకోసారి వాస్తు జెప్పాలంటె ముందు వైరెంత పొడుగుందో కొలుచుకొని రా."

"పిల్ల ఏమంటున్నదే?"

"ఏం లేదన్నా. టీ తాగి పో" అన్నాను.

ఐదున్నరకు మహేశ్వరం నుంచి అనంతయ్య అనే పెద్దమనిషి వచ్చాడు. పొలం కాగితాలు, పాత పాసుబుక్కు, కోర్టు కాగితాలు కలిపి పద్నాలుగు. వకీలుకు మెయిల్ పంపాలి. ఆరుకు అఖిల ఎక్కాల్సిన మంఖాల్ బస్సుంది. అప్పటికే భుజానికి సంచి తగిలించుకుని ఉంది. కాగితాలు అందుకోవడానికి అలవాటుగా చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"పెద్దమ్మ చేస్తది తాతా. ఆమెకియ్యి."

ఆయన నా చేతుల వైపు చూశాడు. కాగితాలు ఇవ్వడానికి కొంచెం జంకాడు. నేనే చెయ్యి చాపి ఒక్కొక్కటే తీసుకున్నాను. మొదటిది అద్దం మీద పెట్టి, మూల గుర్తుకు ఆనించి, మూత వేసి, కంప్యూటర్ దగ్గరకు వచ్చి నొక్కాను. వచ్చింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ వచ్చాను. ఆగ్నేయానికీ ఈశాన్యానికీ మధ్య నడక కొంచెం ఎక్కువే. అఖిల గుమ్మంలో నిలబడి లెక్క పెడుతోంది. మూడు. నాలుగు. పాసుబుక్కు కాగితం చిరుగు పట్టి ఉంది. దాన్ని నలగకుండా పరవడానికి ఊపిరి బిగబట్టాను.

"పోయొస్త పెద్దమ్మా."

"ఊఁ" అన్నాను. వెలుగు అద్దం మీద సగం దారిలో ఉంది. అది చివరి దాకా వెళ్లాలి, కదిలిస్తే గీత పడుతుంది. తెర మీద కాగితం పూర్తిగా దిగాక, అంచులు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకున్నాక వెనక్కి తిరిగాను.

గుమ్మంలో ఎవరూ లేరు. సందు చివర బస్సు మలుపు తిరుగుతున్న సప్పుడు వినబడింది. నేను చూడలేదు. చూడకపోయినా నాకు ఏమీ కాలేదు. కొంచెం సేపు అలా నిలబడి, ఏమైనా అవుతుందేమోనని చూశాను.

"మీ బిడ్డనా?" అని అడిగాడు అనంతయ్య.

"ఔ. ఏర్‌పోర్టుల నౌకరి వచ్చింది" అన్నాను. "ఆరోది ఇయ్యుండ్రి."